మా లెక్కల మాస్టారు

మా లెక్కల మాస్టారు ఇక లేరు.

తొమ్మిదో తరగతిలో నేను (a+b)² = a² + b² అని రాస్తే ఆయన కొట్టేయలేదు. పక్కనే ఒక చతురస్రం గీసి, నాలుగు గదులు చేసి, "రెండు గదులు ఖాళీగా వదిలేశావు, వాటిల్లో ఎవరుంటార్రా?" అన్నారు. చూస్తే రెండు ab లు. అప్పటిదాకా లెక్కల పీరియడంటేనే నాకు టెన్షన్‌.

పొగిడే మనిషి కాదు. మహా అయితే "ఊఁ" అనేవారు. ఆ ఊఁ కోసం రాత్రుళ్లు మేలుకున్నాను. కోపమూ ఎక్కువే, అబద్ధమెందుకు. కానీ తప్పు లెక్కకి ఎప్పుడూ కోప్పడలేదు, చూసి రాసిన ఒప్పు లెక్కకే.

ఇప్పుడు నేనూ లెక్కలే చెబుతున్నాను. నిన్న ఒక అమ్మాయి అదే తప్పు రాసింది. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, చతురస్రం గీశాను.

మాస్టారూ, ఒక్కసారి "ఊఁ" అనండి.