అంకుల్ గారికి డెబ్భయ్యో పుట్టినరోజు నమస్కారాలు

అంకుల్ గారికి,

నమస్కారం. డెబ్భై ఏళ్ళు నిండుతున్న ఈ రోజున మీకు నా హృదయపూర్వక శుభాకాంక్షలు.

నేను మహేశ్‌ని. హైదరాబాదులో మీ శ్రీనుతో కలిసి పనిచేసే, మీరు "ధర్మపురి అబ్బాయి" అని పిలిచే మహేశ్‌ని. శ్రీను దగ్గర మీ నెంబరు తీసుకుని రాస్తున్నాను. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఈ రోజు మీ ఇల్లు చుట్టాలతో నిండి ఉంటుంది, ఒకదాని వెంట ఒకటి ఫోన్లు మోగుతుంటాయి. ఆ హడావుడిలో నేను చెప్పాలనుకున్నది సరిగ్గా చెప్పలేనేమోనని ఇలా రాశాను. తీరిక దొరికినప్పుడు చదవండి.

మీతో నాకున్న పరిచయం తక్కువే. ఏ సంక్రాంతికో, అమ్ములు పెళ్ళికో, పని మీద అటు వచ్చినప్పుడో రాజమండ్రిలో మీ ఇంట్లో ఒక పూటో రెండు పూటలో గడిపినవాణ్ణి. ఆ కాస్త సమయంలోనే మీరు నాకు చాలా ఇచ్చారు. అది మీకు తెలియాలి.

మొదటిసారి వచ్చినప్పుడు మీ ఊరేదని అడిగారు. ధర్మపురి దగ్గర అనగానే, "అయితే మీ రేవు దాటిన నీళ్ళే మా రేవుకొస్తాయి. మీరు పైన, మేము కింద, ఇద్దరిదీ ఒకే గోదారి" అన్నారు. కొత్త ఇంట్లో ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడాలో తెలియక బిగుసుకుపోయి ఉన్న నాకు ఆ మాటతో ఊపిరి అందింది. తర్వాత మా నాన్న ఏం పండిస్తారని, కాకతీయ కాలువ నీళ్ళు మా పొలం దాకా వస్తున్నాయా అని, పసుపుకి ఈ ఏడు ధర ఎలా ఉందని అడిగారు. నా జీతం గురించి ఒక్క మాట కూడా అడగలేదు. మా నాన్న సేద్యం గురించి అంత శ్రద్ధగా అడిగిన పెద్దవాళ్ళు నా స్నేహితుల ఇళ్ళల్లో ఇంకెవరూ లేరు అంకుల్. ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే నాన్న ఎంత సంతోషించారో!

మళ్ళీ ఎప్పుడో చాలా నెలలకు వచ్చాను. గుమ్మంలోనే "నాన్నగారి కంటి ఆపరేషన్ ఎలా జరిగింది? ఇప్పుడు చుక్కలు వేసుకుంటున్నారా?" అని అడిగారు. ఆ ఆపరేషన్ సంగతి అంతకుముందు భోజనాల దగ్గర మాటవరసకి అన్నదే. చెప్పినట్టు నాకే గుర్తులేదు. మీరు గుర్తుపెట్టుకున్నారు.

ఇక ఆ సాయంత్రం గోదారి గట్టు. శ్రీను, నేను బయల్దేరుతుంటే "నేనూ వస్తానురా" అని మీరూ వచ్చారు. మీరు చూపిస్తే తప్ప ఆ వంతెనలు నాకు ఉత్త వంతెనలే. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిన హేవలాక్ వంతెన, పైన రోడ్డు కింద పట్టాలు ఉన్న వంతెన, విల్లులా వంగిన కమాన్లతో ఉన్న కొత్త వంతెన, ఒక్కోదాని గురించి ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెప్పారు. 1986 ఆగస్టు వరదప్పుడు మీరింకా ముప్ఫై ఏళ్ళు దాటారో లేదో. రాత్రంతా లాంతర్లు పట్టుకుని గ్యాంగ్‌మన్లు పట్టాల వెంట తిరగడం, నీటి మట్టం ఎంత పెరిగిందో గంట గంటకీ చూసి కబురు పంపడం, ఆ చీకట్లో గోదారి హోరు, ఇవన్నీ చెబుతూ మీ గురించి మాత్రం రెండు ముక్కలే చెప్పుకున్నారు. మీతో పనిచేసిన గ్యాంగ్‌మన్లని ఒక్కొక్కరినీ పేరుతో తలుచుకున్నారు. ఎవరికి చలిజ్వరం వచ్చింది, ఎవరు భార్య పురిటికి కూడా వెళ్ళకుండా డ్యూటీలో ఉన్నారు, అంతా మీకు నిన్నటి సంగతిలాగే ఉంది. అప్పుడు నాకు మీ మీద కలిగిన గౌరవం ఇప్పటిదాకా మీతో చెప్పలేకపోయాను. ఈ రోజు చెబుతున్నాను.

2015 పుష్కరాల రద్దీ గడిచిన మరుసటి నెలలోనే రిటైరయ్యానని అన్నారు. మళ్ళీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఈసారి మీకు డ్యూటీ లేదు కాబట్టి, ఆంటీతో కలిసి తీరిగ్గా మా ధర్మపురికి రండి. మా ఇల్లు చిన్నదే కానీ రేవుకి దగ్గర. మిమ్మల్ని పిలవమని అమ్మానాన్న మరీ మరీ చెప్పారు. వచ్చే రోజు ముందుగా చెబితే చాలు, మిగతావన్నీ నేను చూసుకుంటాను.

ఆదివారం మీ ఇంట్లో భీమరథ శాంతి జరుగుతోందని శ్రీను చెప్పాడు. నాకు రావాలనే ఉంది. అయితే ఇద్దరమూ ఒకే టీములో ఉన్నాం, ఒకేసారి సెలవు దొరకదు. కొడుకుగా వాడు మీ పక్కన ఉండటం ముఖ్యం. ఇక్కడ వాడి పని నేను చూసుకుంటాను, ఆఫీసు నుంచి ఏ ఫోనూ రాదు. సెలవు అయ్యేదాకా వాణ్ణి నిశ్చింతగా ఉంచుకోండి. దసరాకి గౌతమి ఎక్కి నేనే వచ్చి మీ ఇద్దరి ఆశీస్సులు తీసుకుంటాను.

శ్రీనుని అడిగి మీ గోత్రం, నక్షత్రం తెలుసుకుని, నాన్న ధర్మపురి నరసింహస్వామి గుళ్ళో మీ పేరున అర్చన చేయించారు. ఆ ప్రసాదం, అక్షింతలు శ్రీనుతో పంపుతున్నాను. సంచిలో మా చేలో పండిన పసుపు కూడా ఉంది, అమ్మ స్వయంగా ఎండబెట్టి పట్టించింది. అది ఆంటీకి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆంటీ చేతిదే మొదటిసారి తిన్నాను. అడక్కుండానే రెండోసారి వడ్డించి, రైల్లోకని డబ్బాలో కూడా పెట్టి ఇచ్చారు. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

అంకుల్, మోకాలి నొప్పికి డాక్టరు చెప్పిన వ్యాయామం మానేశారని శ్రీను బెంగపడుతున్నాడు. వాడు మీతో గట్టిగా చెప్పలేడు, నాకూ అంత చనువు లేదు. చిన్నవాడిగా అడుగుతున్నాను, దయచేసి మళ్ళీ మొదలుపెట్టండి. దసరాకి వచ్చినప్పుడు మీతో గట్టు మీద ఆ చివరిదాకా నడవాలని ఉంది. 1986 రాత్రి గురించి అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

మీరూ ఆంటీ నిండు ఆరోగ్యంతో, మనవల ఆటపాటలు చూసుకుంటూ, సహస్ర చంద్ర దర్శనం వేడుకా ఇంతే సందడిగా జరుపుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. ఆ రోజుకి మాత్రం సెలవు ముందే పెట్టుకుని వస్తాను.

పాదాభివందనాలతో,
మహేశ్