మూడో త్రైమాసిక లక్ష్యాల సమీక్ష: జనవరి 20 బోర్డు సమావేశం గురించి జ్ఞాపిక

తాండూరు, 12 జనవరి 2026

గౌరవనీయులైన చైర్మన్ గారికి, డైరెక్టర్లందరికీ నమస్కారం.

ఈ నెల 5న పంపిన నోటీసులో తెలిపినట్లు, మన రైతు ఉత్పత్తిదారుల కంపెనీ బోర్డు సమావేశం 20వ తేదీ మంగళవారం ఉదయం 10.30 గంటలకు మన గోదాము ఆఫీసులో జరుగుతుంది. మధ్యలో సంక్రాంతి ఉన్నందున విషయం మరుగున పడకూడదని ఈ జ్ఞాపిక పంపుతున్నాను. ఉత్పత్తిదారుల కంపెనీ బోర్డు మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలని చట్టం చెబుతోంది. అయితే ఈసారి కంది కొనుగోలు ముంగిట ఉన్నాము కనుక, చట్టం కోసమే కాక మన అవసరం కోసం కూడా కూర్చోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 1,500 క్వింటాళ్ల మొక్కజొన్న కొనాలని నిర్ణయించుకుని 860 క్వింటాళ్లు మాత్రమే కొన్నాము. కొత్తగా 120 మందిని వాటాదారులుగా చేర్చాలనుకుంటే 74 మంది చేరారు. ఎరువులు, పురుగుమందుల దుకాణంలో మాత్రం 18 లక్షల రూపాయల అమ్మకం అనుకున్నచోట 21.4 లక్షలు జరిగింది. కంది శుద్ధి యంత్రం నవంబరు 24న వచ్చినా, త్రీఫేజ్ కనెక్షన్ జనవరి 2న అందింది కనుక ఆ పని తర్వాతి త్రైమాసికానికి మారింది.

ఈ అంకెలను విడివిడిగా చూస్తే దుకాణం బాగా నడిచిందని, కొనుగోలు వెనుకబడిందని అనిపిస్తుంది. ఖాతాలు పక్కపక్కన పెట్టి చూశాక నాకు అర్థమైనది వేరు. దుకాణం అమ్మకంలో 6.2 లక్షలు ఉద్దెర. కంది పూతకొచ్చి మారుకా పురుగు, శనగపచ్చ పురుగు కనబడిన రోజుల్లో మందు అడిగిన రైతును వెనక్కి పంపలేక ఇచ్చాము, అది తప్పని నేను అనను. కానీ అదే సమయంలో మొక్కజొన్న కొన్న దాణా మిల్లు 21 రోజులకు గాని డబ్బు ఇవ్వలేదు. చేతిలోని పెట్టుబడి రెండు వైపులా చిక్కుకుపోయి, కాటా అయిన తర్వాత రైతుకు సగటున 16 రోజులకు చెల్లించాము. అక్టోబరులో మనకు అమ్మిన వారిలో 31 మంది నవంబరులో మిగిలిన సరుకును మార్కెట్‌కు తీసుకుపోయారు. వాటాదారులు తక్కువగా చేరడానికి కూడా ఇదే కారణమని గ్రామాల్లో తిరిగినప్పుడు నాతో ముఖం మీదే చెప్పారు. మనం క్వింటాళ్లు లెక్కపెట్టాము గాని, రైతు ఎదురుచూసిన రోజులు లెక్కపెట్టలేదు.

అందువల్ల జనవరి నుంచి మార్చి వరకు లక్ష్యాలను ఈ విధంగా సవరించాలని ప్రతిపాదిస్తున్నాను. కంది కొనుగోలు లక్ష్యాన్ని 4,000 నుంచి 2,800 క్వింటాళ్లకు తగ్గించాలి. క్వింటాలుకు 8,000 రూపాయల మద్దతు ధర చొప్పున లెక్కిస్తే దీనికి 2.24 కోట్లు కావాలి. సొమ్ము పది రోజులకోసారి చొప్పున ఆరుసార్లు తిరిగితే 37.3 లక్షల పెట్టుబడి సరిపోతుంది. మన దగ్గర 22 లక్షలు, బ్యాంకు పరిమితి 15.5 లక్షలు ఉన్నాయి. 4,000 క్వింటాళ్లకైతే 53 లక్షలకు పైగా అవసరం, అది మన దగ్గర లేదు. ఆగస్టు, సెప్టెంబరు వర్షాలకు నీరు నిలిచిన చేలలో కంది ఎండిపోయినందున దిగుబడి కూడా తగ్గేటట్లుంది.

దానితోపాటు, కాటా అయిన మూడు రోజుల్లో చెల్లింపు అన్నదాన్ని మొట్టమొదటి లక్ష్యంగా రాసుకోవాలి. పది రోజుల్లో డబ్బు ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోని కొనుగోలుదారుకు, రెండు రూపాయలు ఎక్కువ పెట్టినా, సరుకు ఇవ్వకూడదు. ఉద్దెరలో 5 లక్షలు మార్చి 31 లోపు వసూలు కావాలి. రైతు సమ్మతి లేకుండా కంది డబ్బులో కోత పెట్టరాదు. తక్కువపడిన 46 మంది వాటాదారులను ముందుకు మోయకుండా 40 మందినే లక్ష్యంగా పెట్టుకుందాము. లెక్క నింపడానికి బయటి జిల్లాల కందులు కలపడం ఏ పరిస్థితిలోనూ వద్దు. 2022లో తాండూరు కందికి వచ్చిన భౌగోళిక గుర్తింపును మనమే పలుచన చేసుకున్నట్లవుతుంది.

ప్రతి డైరెక్టరు తమ గ్రామంలో నిలిచి ఉన్న కంది విస్తీర్ణం, ఎకరాకు వచ్చే దిగుబడి అంచనా, ఉద్దెర ఉన్న రైతుల జాబితా 17వ తేదీ శనివారం సాయంత్రంలోగా ఆఫీసుకు పంపాలని కోరుతున్నాను. 2,800 క్వింటాళ్లన్నది ఇప్పటి అంచనా మాత్రమే. మీ అంకెలు వచ్చాక దాన్ని ఇంకా తగ్గించవలసి రావచ్చు. శుద్ధి యంత్రాన్ని సమావేశానికి ముందు 9.30కి నడిపి చూపిస్తాము. తేమ 12 శాతం మించకుండా ఆరిన కందులు ఒక బస్తా తేగలిగినవారు ముందుగా ఫోన్ చేసి చెప్పగలరు.

ఇట్లు,
ముఖ్య కార్యనిర్వహణాధికారి