బరువు పెట్టిన పిస్టన్ కింద గాలి: ఒక లెక్క, పూర్తి సాధన

ప్రశ్న: నిలువుగా నిలబెట్టిన సిలిండర్‌లో 27 °C దగ్గర 1 లీటరు గాలి ఉంది. ఘర్షణ లేకుండా కదిలే పిస్టన్ 2 కిలోలు, దాని మీద పెట్టిన ఇనప గుండు 8 కిలోలు. పిస్టన్ వైశాల్యం 50 cm². వాతావరణ పీడనం 1.013 × 10⁵ Pa. గాలిని నిదానంగా 127 °C వరకు వేడి చేస్తే కొత్త ఘనపరిమాణం ఎంత? గాలి పరిసరాలపై చేసిన పని ఎంత? g = 9.8 m/s², గాలి ఆదర్శ వాయువు అనుకోండి.

సాధన: ముందు ‘నిదానంగా’ అన్న మాట దగ్గర ఆగండి. ఈ లెక్కకి తాళం చెవి అదే. మంట సన్నగా ఉంటే పిస్టన్ ఎగిరిపడదు, వెంట్రుకవాసి చొప్పున లేస్తుంది. అంటే లోపలి గాలి పైకి నెట్టే బలం, పైనుంచి కిందికి నొక్కే బలం ప్రతి క్షణమూ సమానమే. పైన బరువు మారలేదు, వాతావరణమూ మారలేదు. కాబట్టి లోపలి పీడనం మొదట్నుంచీ చివరిదాకా ఒక్కటే. ఇది సమపీడన ప్రక్రియ.

```
P = P₀ + mg/A
  = 1.013×10⁵ + (10×9.8)/(50×10⁻⁴)
  = 1.013×10⁵ + 0.196×10⁵
  = 1.209×10⁵ Pa
```

పీడనం మారనప్పుడు చార్లెస్ నియమం చాలు. ఉష్ణోగ్రతలు మాత్రం కెల్విన్‌లోనే వేయాలి. 127ని 27తో భాగిస్తే గాలి 4.7 లీటర్లకు ఉబ్బినట్టు వస్తుంది. ఏటా పేపర్లలో ఈ 4.7 కనిపిస్తూనే ఉంటుంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే మిగతా లెక్కంతా ఆ పిల్లలకు వచ్చు.

```
V₂ = V₁ × T₂/T₁ = 1 × 400/300 = 1.333 లీ.
ΔV = 0.333 లీ. = 3.333×10⁻⁴ m³
W  = PΔV = 1.209×10⁵ × 3.333×10⁻⁴ ≈ 40.3 J
```

జవాబు: కొత్త ఘనపరిమాణం 1.33 లీటర్లు, చేసిన పని 40.3 జౌళ్లు.

ఇప్పుడు ఈ 40.3ని విడదీసి చూద్దాం. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ΔVని వైశాల్యంతో భాగిస్తే పిస్టన్ 6.67 సెంటీమీటర్లు లేచిందని తేలుతుంది. మొదట 20 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న పిస్టన్ ఇప్పుడు 26.67 దగ్గర ఆగింది. పిస్టన్‌నీ గుండునీ అంత ఎత్తు లేపడానికి పట్టింది 98 × 0.0667, అంటే 6.5 జౌళ్లే. మిగతా 33.8 జౌళ్లు కంటికి కనపడని బయటి గాలిని పక్కకు నెట్టడానికే పోయాయి! P₀ కలపడం మర్చిపోయినవాళ్లకి పని 6.5 అని వచ్చేది ఇందుకే.

మంట నుంచి తీసుకున్న ఉష్ణం ఇంకా ఎక్కువ. గాలి దాదాపు అంతా ద్విపరమాణుక వాయువే కాబట్టి Q = (7/2)PΔV, సుమారు 141 జౌళ్లు. అందులో దాదాపు 101 జౌళ్లు అంతర్గత శక్తిగా గాలిలోనే ఉండిపోయాయి.