తాడు, కర్రలు, బకెట్లు: 7, 8 తరగతుల వర్క్‌షాప్ సవాళ్లు

నలుగురు ఒక జట్టు. ఒక్కో జట్టుకి రెండు ఒకేలాంటి బకెట్లు, ఒక గిలక, నూలు తాడు, అయిదడుగుల వెదురు కర్ర, లీటరు సీసా, స్ప్రింగ్ త్రాసు ఇస్తాం. ప్రతి సవాలుకీ ముందు మీ అంచనా కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే తాడు ముట్టుకోవాలి. అంచనా తప్పితే కొట్టేయకండి, మాకు కావలసింది అదే.

వేలాడే బకెట్ కింద ఎవరూ నిలబడొద్దు, తాడుని చేతికి చుట్టుకోవద్దు. ఈ రెండింటిలో రాజీ లేదు.

మొదటిది: బావి గిలక
బకెట్‌లో 4 లీటర్లు పోసి త్రాసుకి తగిలించి తూకం రాసుకోండి. ఇప్పుడు వేపకొమ్మకి కట్టిన గిలక మీదుగా తాడు వేసి, చివర త్రాసు పెట్టి మెల్లగా కిందికి లాగండి. బరువు తగ్గిందా? తగ్గదు, ఇరుసు రాపిడి వల్ల ఇంకాస్త ఎక్కువే చూపిస్తుంది. మరి బావి దగ్గర గిలక ఎందుకు పెట్టారో మీ జట్టులో తేల్చుకోండి. (కిందికి లాగేటప్పుడు మీ ఒంటి బరువు ఏం చేస్తోందో గమనించండి.)

రెండోది: కదిలే గిలక
తాడు ఒక కొస కొమ్మకి కట్టేసి, గిలకని బకెట్ పిడికి తగిలించి, తాడుని దాని కిందుగా తిప్పి రెండో కొసని పైకి లాగండి. త్రాసు దాదాపు సగం చూపిస్తుంది, కానీ బకెట్ అరమీటరు లేవాలంటే మీరు ఎంత తాడు లాగారో స్కేలుతో కొలవండి. బలంలో మిగిలింది దూరంలో కట్టాల్సిందే, ఇందులో మోసం జరగదు.

మూడోది: కర్ర తూకం
నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కాబట్టి దీనికి ఎక్కువ టైమ్ పెట్టుకోండి. కర్రని సరిగ్గా మధ్యలో తాడుతో వేలాడదీసి, రెండు వైపులా 10 సెంటీమీటర్లకొక గీత పెట్టండి. ఒక వైపు 20 దగ్గర 3 లీటర్ల బకెట్, రెండో వైపు 60 దగ్గర 1 లీటరు బకెట్. 20 × 3 = 60 × 1 కదా, కర్ర నిలవాలి. నిలవదు! ఒక లీటరు వైపే కిందికి పోతుంది. లెక్కలో ఏది వదిలేశారో వెతకండి. ఖాళీ బకెట్‌ని తూచి చూస్తే మీకే దొరుకుతుంది. అది అరకిలో అనుకుంటే 20 × 3.5 అంటే 70, 60 × 1.5 అంటే 90. ఇప్పుడు దూరాలు మార్చకుండా, ఒక లీటరు వైపు నుంచి ఎన్ని నీళ్లు తీస్తే కర్ర నిలుస్తుందో మీ బకెట్ అసలు బరువుతో ముందే లెక్కగట్టి, సీసాతో కొలిచి తీయండి. లెక్కకి దగ్గరగా వచ్చిన జట్టు గెలిచినట్టు.

సమయం మిగిలితే
రెండు నున్నటి కర్రల్ని ఇద్దరు ఎదురెదురుగా పట్టుకోవాలి. తాడు కొస ఒక కర్రకి కట్టి రెంటికీ నాలుగు చుట్లు వేసి, జట్టులో అందరికంటే చిన్నవాళ్లకి రెండో కొస ఇవ్వండి. కర్రలు దగ్గరకి వచ్చేస్తాయి. కర్రలకి పౌడర్ రాసి మళ్లీ లాగితే తేడా ఏంటో రాయండి.