మా రెస్టారెంట్ వీడియో ఎడిటింగ్ వివరాలు

నమస్కారం అండీ. ఫోనుతో తీసిన 25 నిమిషాల ఫుటేజీ డ్రైవ్‌లో పెట్టాను. దాని నుంచి 45 సెకన్ల నిలువు వీడియో ఒకటి (9:16, 1080x1920), అందులోంచే 15 సెకన్ల చిన్న వీడియో మరొకటి కావాలి.

మాది ఆరు టేబుళ్ల చిన్న చోటు. వీడియోలోనూ అది చిన్నగా, వెచ్చగానే కనిపించాలి. మొదటి రెండు సెకన్లలోనే పొయ్యి మంట, పైకి లేచే ఆవిరి రావాలి. లోగో చివర చాలు. మెరుపుల ట్రాన్సిషన్లు, గిర్రున తిరిగే అక్షరాలు వద్దు. రంగులు సరిచేయండి కానీ పెంచకండి. తెరమీద చూసిన వంటకమే పళ్లెంలోకి రావాలని నా పట్టుదల. వంటమనిషి చేతులు పనిచేసే షాట్లను తొందరపడి కత్తిరించవద్దు, వాటికి ఊపిరి తీసుకునే సమయం ఇవ్వండి.

సంగీతం మెల్లగా, మాటలు లేకుండా ఉండాలి. కాగే నూనె చిటపటలు, గరిటె చప్పుడు దాని మీదుగా వినబడాలి. వాణిజ్య వాడకానికి లైసెన్సు ఉన్న ట్రాకే తీసుకుని, ఆ పత్రం నాకు పంపండి. సినిమా పాటలు వద్దు. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి తెలుగు క్యాప్షన్లు పెద్దగా వేయండి. అడుగున యాప్ బటన్లు కప్పేస్తాయి, కాస్త పైన ఉంచండి.

మొదటి కాపీ ఐదు రోజుల్లో పంపండి. సవరణలు రెండు విడతలు. ప్రతిసారీ నిమిషం, సెకను రాసి అన్నీ ఒకే సందేశంలో పంపుతాను. మూడో విడత అవసరమైతే అదనపు రుసుము ముందే చెప్పండి, చెల్లిస్తాను. మీవైపు పొరపాట్లు, ఉదాహరణకు అక్షరదోషాలు, ఈ లెక్కలోకి రావు. చివరగా రెండు ఎంపీ4 ఫైళ్లతో పాటు ప్రాజెక్టు ఫైలు కూడా కావాలి.