జీతం, ఆప్షన్లు: గ్రాంట్ లెటర్ మీద సంతకానికి ముందు చెప్పాల్సిన లెక్క

అందరికీ నమస్కారం. అల్లూరు, ఇందుకూరుపేట రొయ్యల గుంటల మీద నుంచి నేరుగా వచ్చినవాళ్ళు ముందు మంచినీళ్ళు తాగండి, ఇది కొంచెం పొడుగు లెక్క.

సూటిగా మొదలుపెడతాను. మన దగ్గర జీతాలు తక్కువ. ఆక్సిజన్ సెన్సర్ బోర్డు చేసే ఇంజనీరుకి హైదరాబాదులో నెలకి 57,000 ఇస్తారు, మనం 45,000 ఇస్తున్నాం. నెల్లూరులో ఇంటద్దె తక్కువ కదా అని చెప్పి దాటేయను. ఆ తేడా మీరు కంపెనీలో పెడుతున్న పెట్టుబడి. దానికి బదులే ఈ ఆప్షన్లు, అంటే కంపెనీ షేర్లని ముందే ఖాయం చేసిన ధరకి తర్వాత కొనుక్కునే అవకాశం. అయితే అవి జీతంలో మిగతా భాగం మాత్రం కాదు. జీతం ఒకటో తారీకు పడుతుంది. ఆప్షన్ పెరగొచ్చు, సున్నా కావచ్చు.

ఎవరికి ఎన్నో ఎట్లా తేల్చామంటే: నెలకి తేడా 12,000. నాలుగేళ్ళకి, అంటే 48 నెలలకి, 5,76,000. పోయినసారి మదుపరులు షేరుకి 250 రూపాయలు పెట్టారు. మీరు కట్టాల్సిన ధర 10. మిగిలేది 240. 5,76,000ని 240తో భాగిస్తే 2,400 ఆప్షన్లు. ఇక్కడితో ఆపితే మీకు అన్యాయం. మదుపరుల షేర్లకి ముందస్తు హక్కులున్నాయి, మీకు వచ్చేవి మామూలు షేర్లు, వాటి విలువ 250 కన్నా తక్కువ. పైగా రిస్కు మీది. అందుకని ఒకటిన్నర రెట్లు చేసి 3,600 ఇస్తున్నాం.

ఈ లెక్క అందరికీ వర్తించదు. నెలకి 25,000 లోపు తీసుకునే ఫీల్డు టెక్నీషియన్లకి, ప్యాకింగ్ వాళ్ళకి జీతం బయట ఎంతుందో అంతే ఇస్తాం, ఆప్షన్లు పైన అదనం. ఇల్లు గడిచే డబ్బులో కోసి చేతిలో కాగితం పెట్టడం నాకు ఇష్టం లేదు. మిగతావాళ్ళలో ఇంటి అప్పో పిల్లల ఫీజులో ఉండి 12,000లో కొంత చేతికే కావాలంటే, సగం తేడా జీతంగా తీసుకుని 1,800 ఆప్షన్లతో సరిపెట్టుకోవచ్చు. కారణం ఎవరూ అడగరు. ఈఎంఐ లెక్క వేసుకునేటప్పుడు ఆప్షన్లని పూర్తిగా పక్కన పెట్టండి.

3,600 అనే అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు. కంపెనీ మొత్తం షేర్లు ఎన్ని అని అడగండి. బయట ఈ మాట అడిగితే చాలామంది చెప్పరు. మనవి 10 లక్షలు: మదుపరులవి 2 లక్షలు, మీ అందరి కోసం పక్కన పెట్టిన పూల్ 1 లక్ష, మిగతావి వ్యవస్థాపకులవి. పూల్‌లోంచి వ్యవస్థాపకులకి ఒక్కటీ రాదు. అంటే 3,600 అంటే 0.36 శాతం. రేపు కొత్త పెట్టుబడికి 2.5 లక్షల షేర్లు కొత్తగా ఇస్తే మొత్తం 12.5 లక్షలవుతాయి, మీ వాటా 0.288 శాతానికి తగ్గుతుంది. నాదీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. షేరు ధర పెరిగినంత కాలం దానికి భయపడక్కర్లేదు. ధర తగ్గించి పెట్టుబడి తెచ్చిన రోజు మాత్రం దెబ్బ రెండు వైపులా తగులుతుంది.

ఇవి ఒక్కసారిగా మీ సొంతం కావు. ఆప్షన్లు ఇచ్చే గ్రాంటు తేదీకి, వాటిని షేర్లుగా మార్చుకునే మొదటి హక్కుకి మధ్య కనీసం ఏడాది ఉండాలని కంపెనీల చట్టం కింద నిబంధన ఉంది. మన స్కీములో ఏడాది నిండిన రోజు 900, ఆ తర్వాత 36 నెలల పాటు నెలకి 75 చొప్పున. పదకొండో నెలలో మానేస్తే ఒక్కటీ రాదు. రెండేళ్ళకి మానేస్తే 900, 900 కలిపి 1,800 మీవి, మిగతావి పూల్‌లోకి వెనక్కి పోతాయి. మానేశాక వాటిని షేర్లుగా మార్చుకోవడానికి మన దగ్గర ఏడాది గడువుంది. చాలా చోట్ల 90 రోజులే ఇస్తారు, అక్కడే ఎక్కువమంది పోగొట్టుకుంటారు. మోసం చేసి తీసేయించుకున్నవాళ్ళకి మాత్రం హక్కు వచ్చినవి కూడా రద్దు.

ఇప్పుడు చేదు భాగం. మదుపరులు 5 కోట్లు పెట్టారు. కంపెనీ అమ్ముడుపోతే ఆ 5 కోట్లు ముందు తీసుకునే హక్కు, లేదా అందరితో పాటు వాటా తీసుకునే హక్కు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది వాళ్ళది. 4 కోట్లకి అమ్మితే మనకెవరికీ పైసా లేదు. 6 కోట్లకి అమ్మితే మిగిలిన కోటిని 8 లక్షల షేర్లకి పంచాలి, షేరుకి 12.50. పది కట్టాక రెండున్నర మిగులుతుంది, 3,600కి 9,000 రూపాయలు. నాలుగేళ్ళ తేడాకి తొమ్మిది వేలు! అదే 100 కోట్లకి అమ్మితే షేరుకి 1,000, ధర పోగా 35,64,000, పన్ను కట్టకముందు. పూల్ మొత్తం షేర్లయిందని, కొత్త పెట్టుబడి ఏదీ రాలేదని అనుకుని వేసిన లెక్కలివి. గుంటలో రొయ్య ఎంత పెరిగినా పట్టుబడి అయ్యేదాకా అది డబ్బు కాదు, ఇదీ అంతే.

పన్ను దగ్గర జాగ్రత్త. ఆప్షన్ ఇచ్చినప్పుడు పన్ను లేదు, హక్కు వచ్చినప్పుడూ లేదు. పది రూపాయలు కట్టి షేరుగా మార్చుకున్న రోజు పడుతుంది. ఆ రోజు మర్చంట్ బ్యాంకరు కట్టిన విలువ 400 అనుకుందాం. వెయ్యి షేర్లు తీసుకుంటే 390 చొప్పున 3,90,000 మీ జీతంలో కలుస్తుంది. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 81,120 పన్ను, షేర్లకి పది వేలు. షేరు కొనేవాడు ఒక్కడూ లేకపోయినా ఈ 91,120 చేతి నుంచి పెట్టాలి. స్టార్టప్‌లకి ఈ పన్ను వాయిదా ఉందట కదా అని మీలో కొందరు అడిగారు. ఉంది. కానీ స్టార్టప్‌గా గుర్తింపు ఉంటే చాలదు, మంత్రిత్వ శాఖల మధ్య బోర్డు ఇచ్చే వేరే సర్టిఫికెట్ కావాలి. మనకి గుర్తింపే ఉంది, ఆ సర్టిఫికెట్ ఇంకా లేదు. అందుకే నా సలహా: కొనేవాళ్ళు కనపడేదాకా మార్చుకోవద్దు, హక్కుగానే ఉంచుకోండి. మార్చుకున్నాక 24 నెలలు దాటి అమ్మితే, 400 మీద వచ్చిన అదనపు లాభానికి 12.5 శాతం పన్ను, దానిమీద సెస్సు.

షేర్లుగా మార్చుకునేదాకా ఆప్షన్లకి ఓటు లేదు, డివిడెండు లేదు. ఎవరికీ అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. ఈ లెటరు చూపించి ఎవరైనా నూటికి రెండు వడ్డీకి ఇస్తామన్నా తీసుకోకండి. తాకట్టు చెల్లదు కానీ అప్పు చెల్లుతుంది.

ఇంకొకటి, మీ ఇంట్లోవాళ్ళకి తెలియాల్సింది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇచ్చిన ఆప్షన్లన్నీ, హక్కు రానివి కూడా, నామినీకో వారసులకో ఆ రోజే దక్కుతాయి. శాశ్వత వైకల్యం వచ్చినా అంతే, ఆ రోజు అన్నీ మీవే. కాబట్టి నామినీ ఫారంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. పెళ్ళయినవాళ్ళు పాత ఫారంలో అమ్మానాన్నల పేర్లుంటే, ఎవరి పేరు ఉంచాలో ఇంట్లో మాట్లాడుకుని మార్చండి.

గ్రాంట్ లెటర్లు ఈరోజు ఇస్తున్నాం, సంతకం ఈరోజు వద్దు. స్కీము కాపీ కూడా తీసుకెళ్ళండి, తెలుగులో రాసిన సారాంశం వెనక జత చేశాం, కానీ తేడా వస్తే ఇంగ్లీషు కాపీదే చెల్లుబాటు. తెలిసిన ఆడిటరుకి చూపించుకోండి. లెటర్లో నాలుగు చోట్ల వేలు పెట్టి చూడండి: ఆప్షన్ల సంఖ్య, ధర 10, గ్రాంటు తేదీ, మానేశాక ఏడాది గడువు. వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు సంతకం చేసినవి అకౌంట్స్‌లో ఇవ్వండి. తేడాలో సగం జీతంగా, సగం ఆప్షన్లుగా కావాలనుకునేవాళ్ళు బుధవారానికే చెప్పాలి, లెటరు మళ్ళీ ప్రింటు తీయాలి. ఇక అడగండి. వెనక వరసలో అన్న చెయ్యెత్తి చాలాసేపయింది.