ఒక్క దీపం
(‘మస్టర్’ సంగీత నాటకం: మొదటి అంకం, మొదటి రంగం, ప్రారంభ గీతం)

స్థలం: గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి. కాలం: 2019 జనవరి, తెల్లవారుజాము. ఆగిపోయిన వారసత్వ ఉద్యోగాలు కారుణ్య నియామకాల పేరుతో మళ్లీ మొదలైన తరువాతి చలికాలం. కార్మికుడు మెడికల్ అన్‌ఫిట్ అయితే కొలువు కొడుక్కి వస్తుంది. రిటైరైతే రాదు. నాటకమంతా ఈ రెండు వాక్యాల మీదే నిలబడింది కాబట్టి ప్రేక్షకుడికి ఇది మొదటి పాటలోనే అర్థమైపోవాలి.

రంగస్థలం: ఎడమ పక్క కంపెనీ క్వార్టర్ వాకిలి, నులక మంచం. మధ్యలో రాజవ్వ చాయ్ బండి. కుడి పక్క లాంప్ రూమ్ కిటికీ, మస్టర్ రూమ్ మెట్లు, వాటి వెనుక కిందికి జారిపోయే ఇంక్లైన్ బాట. పైన లైట్లు వద్దు. మొదటి ఐదు నిమిషాలూ వెలుగంతా చాయ్ పొయ్యి నుంచి, కార్మికుల నెత్తి మీది దీపాల నుంచే రావాలి.

వాద్యాలు: డప్పు, ఒగ్గు డోలు, హార్మోనియం, క్లారినెట్. తెర లేవకముందే సైరన్ మోగుతుంది. సైరన్ ఏ స్వరం మీద ఆగితే ఆ స్వరాన్నే హార్మోనియం శ్రుతిగా పట్టుకోవాలి. పాట చివరిదాకా ఆ శ్రుతి తెగకూడదు.

(సైరన్. డప్పు మెల్లగా, నడక వేగంలో. మొదటి షిఫ్టు వాళ్లు కుడివైపు వెళ్తుంటారు. రాత్రి షిఫ్టు వాళ్లు ఇంక్లైన్ నుంచి పైకి వస్తుంటారు. ముఖాలు నలుపు, కండ్లు మాత్రమే తెలుపు.)

మొదటి షిఫ్టు:
దిగుదాం పారా, దిగుదాం పారా
తెల్లారకముందే దిగుదాం పారా
పొద్దు పొడుపు మన పాలిట లేదు
చీకటి కొలువుకు దిగుదాం పారా

రాత్రి షిఫ్టు:
ఎక్కినమమ్మా, ఎక్కినమమ్మా
నిన్నటి చీకట్ల కెళ్లి ఎక్కినమమ్మా
మసి కడుగకముందే, మాట పెగలకముందే
ఒక్క చాయ్ పొయ్యవె రాజమ్మా

(రెండు గుంపులూ చాయ్ బండి దగ్గర కలుస్తాయి. ఎక్కేవాడు దిగేవాడి భుజం మీద చెయ్యి వేసి పోతాడు. ఒక్కరూ మాట్లాడరు. బాయి మనుషులు రోజూ చేసే పనే కాబట్టి దీన్ని నాటకీయంగా చెయ్యవద్దు.)

రాజవ్వ: (గ్లాసులు కడుగుతూ) ఓదెలు కాకా, రిటైరై నాలుగేండ్లాయె. ఇంకా సైరన్‌కు లేస్తున్నవా?

ఓదెలు: సైరన్ నన్ను లేపదు బిడ్డా, నేనే దాన్ని లేపుత. ఇల్లందుల 1889ల బొగ్గు తవ్వుడు మొదలైందట. మా తాత ఆడ తట్ట మోసిండు. మా నాయిన చెమ్మాస్ పట్టిండు. నిద్ర మా ఇంట్ల ఎవనికీ రాసిలేదు.

(నవ్వులు. సంపత్ వస్తాడు. ఇరవై తొమ్మిదేళ్లు. ఖాకీ ఆటో చొక్కా, చేతిలో తండ్రి టిఫిన్ డబ్బా. లాంప్ రూమ్ కిటికీ ముందు ఆగి, వరుసలో వేలాడుతున్న దీపాలను చూస్తాడు.)

ఒక కార్మికుడు: ఏంరా సంపత్, రోజూ గా కిటికీకాడ్నే ఆగుతవు? దీపాలకు కావలి పెట్టిన్రా నిన్ను?

సంపత్: బాపు డబ్బా మర్చిండు అన్నా. గందుకే.

(కార్మికుడు వెళ్తాడు. డప్పు ఆగుతుంది. ఒగ్గు డోలు ఒక్కటే, తిశ్ర నడకలో. సంపత్ దీపాలతోనే మాట్లాడుతున్నట్టు పాడతాడు. గొంతు పెంచవద్దు. ఈ కోరిక ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది.)

సంపత్:
ఒక్క దీపం కావాలె నాకు
నెత్తి మీద ఒక్క దీపం
అడుగు ముందర అడుగు చూపే
నంబరున్న ఒక్క దీపం
మస్టరు పిలుపుల నా పేరు రావాలె
“ఉన్న” అని నేనంటె ఊరంత వినాలె

ఐటీఐ పాసైన కాయితం ఉన్నది
ఇనుప పెట్టె అడుగున నిద్రబోతున్నది
ఆటో తిప్పిన పైసలు కిస్తీకే పోతయి
అద్దంల చూసుకుంటె అప్పులే కనబడ్తయి
పిల్లనిచ్చెటోడు పేరడుగడు, ఊరడుగడు
“పర్మినెంటా?” అని ఒక్క మాటే అడుగుతడు

(వెనుక మొదటి షిఫ్టు వాళ్లు ఒక్కొక్కరుగా దీపాలు తీసుకుని టోపీలకు బిగించుకుంటారు. ప్రతి దీపం వెలిగినప్పుడు డోలు మీద ఒక్క దెబ్బ.)

మొదటి షిఫ్టు:
దిగుదాం పారా, దిగుదాం పారా

సంపత్:
నన్నూ పిలువుండ్రి, నేనూ వస్త

మొదటి షిఫ్టు:
చీకటి కొలువుకు దిగుదాం పారా

సంపత్:
చీకటైతేంది, నాదైతె చాలు

(ఇక్కడ చప్పట్లు వస్తాయి. వాద్యగాళ్లు వాటి కోసం ఆగకూడదు. చప్పట్ల మధ్యలోంచే దగ్గు వినిపించాలి. ఎడమ పక్క వాకిలిలో వెలుగు. కొమురయ్య, యాభై ఏడేళ్లు, మంచం అంచున కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ దగ్గుతున్నాడు. దగ్గు ఆగేదాకా ఒక చేత్తో మంచం కోడు పట్టుకుంటాడు, ఆగగానే లేసు దగ్గరికి వేళ్లు వెళ్తాయి. భార్య లస్మవ్వ చెంబుతో నీళ్లిస్తుంది.)

లస్మవ్వ: ఈ ఒక్క దినం నాగా పెట్టరాదు?

కొమురయ్య: నాగా పెడితె దగ్గు తగ్గుతదా? ఇంట్ల కూసుంటె ఇంకింత ఎక్కువైతది.

లస్మవ్వ: కొత్తగూడెం కాయితం ఇంకా రాలేదాయె. మెడికల్ బోర్డోళ్లు పిలుస్తమన్నరు గదా.

కొమురయ్య: రాకుంటె మంచిదే. సంతకం నువ్వు పెట్టుమంటె పెట్టిన, నాకు బాగలేక కాదు.

(సంపత్ చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్తుంది. మడత పెట్టిన కాగితం సగం బయటికి తీసి, మళ్లీ లోపలికి తోస్తాడు. ప్రేక్షకులకు కనబడాలి, తల్లిదండ్రులకు కనబడకూడదు. క్లారినెట్ మొదటిసారి ప్రవేశిస్తుంది. పల్లవి రాగమే, కానీ మంద్రంలో.)

సంపత్:
నిన్న పొద్దుగూకినంక పోస్టుల వచ్చింది
బాపు పేరు మీద కాయితం నా జేబుల ఉన్నది
బోర్డోళ్లు చూస్తరట, ఊపిరి ఊదిపిస్తరట
ఫిట్టని రాస్తరో, అన్‌ఫిట్టని రాస్తరో

రాత్రంత బాపు దగ్గు గోడకు తాకుతది
గోడకీవల నేను లెక్కబెట్టుకుంట
ఒక దగ్గుకు “దేవుడా, తగ్గనియ్యి” అంట
మరో దగ్గుకు నా నోరు అననే అనదు

(డోలు ఆగిపోతుంది. శ్రుతి మాత్రమే. తరువాతి నాలుగు పాదాలు సగం మాటగా, సగం పాటగా. నటుడు ఏడవకూడదు. ఏడిస్తే ప్రేక్షకుడు అతన్ని క్షమించేస్తాడు. ఇంత తొందరగా క్షమాపణ దొరకకూడదు.)

బాపు ఊపిరి గెలిస్తే దీపం బాపుదే
బాపు ఊపిరి ఓడితే దీపం నాదే
గెలువుమని మొక్కాల్నా? ఓడుమని మొక్కాల్నా?
ఏ మొక్కు మొక్కినా నేను దొంగనే

(కొమురయ్య లేస్తాడు, సంచి భుజానికి వేసుకుని లాంప్ రూమ్ వైపు నడుస్తాడు. సంపత్ ఎదురెళ్లి డబ్బా ఇస్తాడు. తండ్రి తన దీపం తీసుకుంటాడు. కొడుకు కళ్లు దాని మీదే ఉండటం గమనిస్తాడు.)

కొమురయ్య: పట్టు. పట్టి చూడు.

(సంపత్ రెండు చేతులతో అందుకుంటాడు. బ్యాటరీ బెల్టు బరువుకు చేతులు కొంచెం దిగుతాయి. డప్పు మెల్లగా. కొమురయ్య పాట వ్యవసాయ పాటల ధోరణిలో, తొందర లేకుండా.)

కొమురయ్య:
దీపం బరువెంతో ఎరుకైందా కొడుకా
ముప్పై యేండ్లు మోసిన నడుమునడుగు కొడుకా
దీపం చూపేది బెత్తెడంత బాటనే
మిగిలిందంత చెవులతోని చూడాలె కొడుకా

పైకప్పు మాట్లాడతది, ఇనొస్తదా నీకు?
కర్రతోని తట్టితే బదులిస్తది నీకు
ఖంగుమంటె నిలబడు, పని చేసుకో కొడుకా
బొద్దుమంటె తట్టా ఇడిసి ఉరుకు కొడుకా

(సంచిలోంచి కర్ర తీసి చాయ్ బండి రేకు పైకప్పు తడతాడు. ఖంగుమంటుంది. నవ్వి, తన ఛాతీ మీద వేళ్లతో తట్టుకుంటాడు. డోలు వాయించేవాడు అప్పుడు బొద్దుగా, తోలు సడలినట్టు ఒక్క దెబ్బ కొట్టాలి. కొమురయ్య నవ్వు ఆగిపోతుంది. సంపత్ విన్నాడు.)

సంపత్: బాపూ, ఒక కాయితం...

కొమురయ్య: (దీపం వెనక్కి తీసుకుంటూ) సాయంత్రం మాట్లాడుదాం. మస్టర్ టైమైంది.

(మూడు పాటలు ఒకదాని మీద ఒకటి. మొదటి షిఫ్టు చతురశ్రంలో, సంపత్ తిశ్రంలో. లస్మవ్వ వాకిట్లో ముగ్గు వేస్తూ పొడవైన రాగం తీస్తుంది. రెండు నడకలూ పన్నెండు మాత్రలకోసారి కలుస్తాయి. కలిసినప్పుడల్లా అందరి నోటా ఒకే మాట రావాలి: “దీపం”.)

మొదటి షిఫ్టు:
దిగుదాం పారా, దిగుదాం పారా
ఎవని దీపం వానికి తోడు

లస్మవ్వ:
కొమురెల్లి మల్లన్నా, ఇద్దర్ని కాయి
ఒక్క దీపమార్పి ఇంకోటి పెట్టకు

సంపత్:
ఒక్క దీపం కావాలె నాకు
బాపు నెత్తి మీద ఉన్న దీపం
ఆరకుండ నాకు రావాలె
అట్ల వచ్చే దారి లేదాయె

రాత్రి షిఫ్టు:
ఎక్కినమమ్మా, ఎక్కినమమ్మా
దిగినోల్లందరు ఎక్కాలమ్మా

(వేగం పెరుగుతుంది. ఓవర్‌మెన్ మస్టర్ రూమ్ మెట్ల మీదికి వస్తాడు. పుస్తకం తెరిచి, పేర్లు పిలిచి పని పంచుతాడు. పేర్లూ జవాబులూ పాట తాళంలోనే, మాటగా.)

ఓవర్‌మెన్: రాజలింగు!

ఒకరు: ఉన్న!

ఓవర్‌మెన్: సపోర్టు పని. మల్లేశు!

మరొకరు: ఉన్న!

ఓవర్‌మెన్: హాలర్ కాడ. సమ్మయ్య!

ఇంకొకరు: ఉన్న!

ఓవర్‌మెన్: కొమురయ్య!

(కొమురయ్య నోరు తెరుస్తాడు. దగ్గు వస్తుంది. చెయ్యి ఎత్తి ఆగమని సైగ చేస్తాడు. కోరస్ పాడుతూనే ఉంది, తాళం నడుస్తూనే ఉంది, జవాబు రావాల్సిన చోటు ఖాళీగా దాటిపోతుంది.)

ఓవర్‌మెన్: కొమురయ్యా! ఉన్నవా, లేవా?

(మళ్లీ అదే చోటు. దగ్గు ఆగదు.)

సంపత్: ఉన్న!

(అన్ని వాద్యాలూ ఒక్కసారిగా ఆగుతాయి. శ్రుతి కూడా. అందరి దీపాలూ సంపత్ ముఖం మీదికి తిరుగుతాయి. తానేం అన్నాడో అతనికి ఇప్పుడే తెలిసింది. కొమురయ్య ఊపిరి అందుకుని, మెట్లెక్కి, కొడుకు ముందు నిలబడతాడు.)

కొమురయ్య: నేను సచ్చిన్నారా?

(సైరన్. డప్పులన్నీ పూర్తి జోరుతో. మొదటి షిఫ్టు ఇద్దరి మధ్య నుంచి ఇంక్లైన్ వైపు దూసుకుపోతుంది. ఆ గుంపులో కొమురయ్య వెనక్కి చూడకుండా దిగిపోతాడు. సంపత్ జేబులోంచి కాగితం తీసి “బాపూ!” అని అరుస్తూ వెంట పరుగెత్తుతాడు. కాపలావాడు గేటు కర్ర అడ్డం దించుతాడు. విరామం లేకుండా రెండో రంగం.)